అందుబాటుకూ ధర ఉంది

రాత్రి పదిన్నరకు ఫోన్ మోగుతుంది. “అమ్మా, రేపటి అపాయింట్‌మెంట్ ఒక గంట ముందుకు జరుపుతావా? ఒక్క నిమిషం పనే.” అడిగినాయన దుర్మార్గుడేమీ కాదు. అమెరికాలోని డాలస్ ప్రాంతంలో ఉంటాడు, అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఆయన పని మంచి ఊపులో ఉన్న వేళ అది. ఇక్కడ కాకినాడలో ఆ మెసేజ్ అందుకున్న ఆమె పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడే నడుం వాల్చింది. లేచి లాప్‌టాప్ తెరిచి, క్యాలెండర్‌లో ఖాళీ చూసి, ఇల్లు చూడటానికి రావాల్సిన వాళ్లకు కబురు పెట్టి, వాళ్లు సరేనన్న తర్వాత ఆయనకు తిరిగి చెప్పేసరికి అరగంట గడిచింది. ఆ అరగంట ఆమె బిల్లులో ఎక్కడా కనిపించదు.

ఇంటి నుంచే ఇంటర్నెట్ ద్వారా ఎక్కడెక్కడి వ్యాపారుల ఆఫీసు పనులనో చక్కబెట్టేవారిని వర్చువల్ అసిస్టెంట్లు అంటారు. ఆ రంగంలో పొట్టిగా వీఏలు. ఈమెయిళ్లు చూడటం, క్యాలెండర్ సర్దడం, టికెట్లు బుక్ చేయడం, బిల్లులు పంపడం, సోషల్ మీడియాలో పోస్టులు పెట్టడం, కస్టమర్లకు జవాబులివ్వడం వాళ్ల పనులు. కంప్యూటర్, నెట్ కనెక్షన్, చక్కగా రాయగల ఇంగ్లిష్ ఉంటే చాలు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. అందుకే ఉద్యోగం మానేసిన తల్లులు, చిన్న పట్టణాల్లోని డిగ్రీ పిల్లలు చాలామంది ఇటు వస్తున్నారు. వచ్చిన కొద్ది నెలలకే చాలామంది చెప్పే మాట ఒకటే: “పని తక్కువే, కానీ రోజంతా పనిలోనే ఉన్నట్టుంటుంది.”

ఆ మాట అక్షరాలా నిజం. వీఏ అమ్ముతున్నవి రెండు. ఒకటి పని. రెండోది అందుబాటు, అంటే పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండటం. మొదటిదానికి ధర చెబుతారు. రెండోదాన్ని తెలియకుండానే ఉచితంగా ఇచ్చేస్తారు. మన ఊళ్లలో ఆటో డ్రైవర్‌కు ఇది బాగా తెలుసు. దుకాణం ముందు బండి ఆపించి లోపలికి వెళితే, ఆ కాసేపూ బండి కదలకపోయినా వెయిటింగ్ ఛార్జీ అడుగుతాడు. ఆ సమయంలో ఇంకో బేరానికి పోలేడు కాబట్టి అది న్యాయమేనని మనమూ ఒప్పుకుంటాం. వీఏల ఒప్పందాల్లో చాలావాటిలో లేనిది ఆ ఒక్క గీతే.

కన్నం ఎక్కడ పడుతుంది

కాకినాడ ఉదాహరణనే కొంచెం వివరంగా చూద్దాం. ఇందులోని మనుషులూ అంకెలూ లెక్క అర్థం కావడానికి ఊహించుకున్నవి. లెక్క నడిచే తీరు మాత్రం ఈ పని చేసేవారెవరికైనా తెలిసినదే.

క్లయింట్ డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు చూసే రియల్ ఎస్టేట్ ఏజెంట్. తెలుగువాడు. ఒప్పందం వాట్సాప్‌లోనే అయింది: “ఈమెయిళ్లు, క్యాలెండర్, సోషల్ మీడియా, ఇతర చిన్న చిన్న పనులు. నెలకు 40 గంటలు. రూ.18,000.” అంటే గంటకు రూ.450. ఆ రేటును ఆమె గాలిలోంచి తీయలేదు. నెలకు చేతికి రూ.40,000 మిగలాలి. నెట్, కరెంటు పోతే ఇన్వర్టర్, సాఫ్ట్‌వేర్ చందాలు కలిపి మరో రూ.5,000 ఖర్చు. క్లయింట్లకు బిల్లు వేయగల గంటలు నెలకు 100కు మించవు, ఎందుకంటే కొత్త క్లయింట్లను వెతకడానికి, లెక్కలు రాసుకోవడానికి పోయే సమయానికి ఎవరూ డబ్బివ్వరు. రూ.45,000ను 100తో భాగిస్తే రూ.450. సెలవుల జీతం గానీ పీఎఫ్ గానీ లేని వృత్తిలో ఇది ఎక్కువేమీ కాదు.

మొదటి నెల సాఫీగా నడిచింది. మూడో నెలకల్లా “ఇతర చిన్న చిన్న పనులు” అన్న మాట పెరగడం మొదలుపెట్టింది. వాళ్ల అమ్మగారికి హైదరాబాద్ నుంచి టికెట్. బాబు స్కూలుకు ఆన్‌లైన్ ఫారం. ఉగాది కార్యక్రమానికి ఆహ్వానపత్రం డిజైన్. ఇల్లు కొనాలనుకునేవారు వాట్సాప్‌లో అడిగే ప్రశ్నలకు జవాబులు. ఇవేవీ పెద్దవి కావు. ఏదీ అన్యాయంగా అడిగిందీ కాదు. పైగా పిలుపు “చెల్లెమ్మా” అని. మన మధ్య వ్యాపారం త్వరగా వరసలోకి దిగుతుంది. వరస కలిశాక “దీనికి ఎంత?” అని అడగడం మొహమాటంగా ఉంటుంది. తెలుగు క్లయింట్లతో పనిచేసే తెలుగు వీఏలకు ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఇదే. తెలియని అమెరికన్‌కు రాయగలిగిన మెయిల్ అన్నయ్యకు రాయడానికి చెయ్యి రాదు.

ఒప్పందంలో లోపాలు మూడున్నాయి. “ఇతర చిన్న చిన్న పనులు” అన్నది మొదటిది. రాసిన రోజు అది సద్భావన, ఆ తర్వాత అదే అడ్డూ ఆపూ లేని జాబితా. రెండోది, 40 గంటలు అని రాశారే గానీ ఆ గంటలు రోజులో ఎప్పుడో రాయలేదు. మూడోది, 40 దాటితే ఏం జరుగుతుందో రాయలేదు. వీఏ ఒప్పందాలు చెడే చోట్లు దాదాపు ఎప్పుడూ ఈ మూడే.

ముందు లెక్క, తర్వాతే మాట

అలిసిపోయి ఒకరోజు కోపంగా మెసేజ్ పెడితే పోయేది క్లయింటే. అనుభవం ఉన్నవాళ్లు ముందు రెండు వారాలు లెక్క రాస్తారు. టాగుల్, క్లాకిఫై లాంటి టైమ్ ట్రాకర్లు ఉచితంగానే దొరుకుతాయి. లేకపోతే గూగుల్ షీట్‌లో నాలుగు గడులు చాలు: ఎప్పుడు అడిగారు, ఏమడిగారు, ఏ దారిలో అడిగారు, ఎన్ని నిమిషాలు పట్టింది. వాట్సాప్‌లో ఇచ్చిన రెండు నిమిషాల జవాబును కూడా రాయాలి. అది రాయకపోతే లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే సమయం కారిపోతున్నది అక్కడే.

కాకినాడ ఆమె పది పనిదినాల లెక్క ఇలా తేలింది. అనుకున్న వేళల్లో చేసిన పని 20 గంటలు. వేళ దాటి చేసింది 11 గంటలు. ఆ 11లో ఇంటి పనులు, టికెట్లు 5 గంటలు. ఇళ్లు కొనేవారికి వాట్సాప్ జవాబులు మూడున్నర గంటలు. ఒకసారి ఒప్పుకున్న పోస్టులను, అపాయింట్‌మెంట్లను మళ్లీ మార్చడం రెండున్నర గంటలు. నెల మొత్తానికి చూస్తే 40కి బదులు 62 గంటలు. రూ.18,000ను 62తో భాగిస్తే గంటకు సుమారు రూ.290. గంటకు రూ.450 అనుకున్నది ఎవరూ బేరమాడకుండానే రూ.290కి దిగిపోయింది.

లెక్కలోకి రానిది ఇంకొకటుంది. ఆ 11 గంటలు ఒక్కచోట లేవు, పది నిమిషాలు, పావుగంట చొప్పున రోజంతా చెదిరి ఉన్నాయి. ఉదయం ఐదింటికి ఒకటి, అప్పుడు డాలస్‌లో సాయంత్రం. రాత్రి పదకొండుకు ఇంకొకటి. మధ్యలో ఇంకో క్లయింట్ పని పట్టుకుంటే, ఎప్పుడు ఫోన్ మోగుతుందోనన్న ధ్యాస వదలదు. అందుకే చేసిన పని తక్కువైనా అలసట ఎక్కువ. ఫోన్ పక్కన పెట్టి గంటసేపు బజారుకు వెళ్లలేకపోతున్నారంటే, అందుబాటును ఉచితంగా అమ్ముతున్నారని అర్థం. ఇంకో గుర్తు క్లయింట్ మాటతీరులో ఉంటుంది. మొదట్లో “ఈ ఐదు పనులు” అని జాబితా పంపినవారు, తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా “ఇది ఒకసారి చూడు” అని పంపుతుంటే, జాబితా రాసుకునే శ్రమ కూడా వీఏ మీదికి వచ్చినట్టే.

పనికి మొదలూ తుదీ

“ఈమెయిళ్లు చూసుకుంటాను” అన్నది పని పేరు మాత్రమే. దానికి ఎల్లలు రాయాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ ముగుస్తుంది? ఎంత పరిమాణం? ఏది ఇందులో లేదు?

ఆమె కొత్తగా రాసుకున్న ఈమెయిల్ అంశం ఇలా ఉంది: “రోజూ రెండుసార్లు, పని వేళ మొదట్లో, చివర్లో, ఇన్‌బాక్స్ తెరుస్తాను. వచ్చినవాటిని నాలుగు లేబుళ్ల కింద వేరు చేస్తాను. మనం ముందే అనుకున్న నమూనాలకు సరిపోయే మెయిళ్లకు జవాబు పంపుతాను. మిగతావాటికి డ్రాఫ్ట్ రాసి మీ ఆమోదం కోసం ఉంచుతాను. రోజుకు 60 మెయిళ్ల వరకు. పని వేళ ముగిసేసరికి చదవని మెయిల్ ఉండదు, డ్రాఫ్టుల జాబితా మీకు అందుతుంది. ఫిర్యాదులకు, ధరల చర్చలకు జవాబులు, వాట్సాప్ మెసేజ్‌లు ఇందులో లేవు.” ఇది చదివిన క్లయింట్‌కు ఏం వస్తుందో తెలుసు. వీఏకు ఎక్కడ ఆపాలో తెలుసు. మెయిళ్లు రోజుకు 60 నుంచి 150కి పెరిగితే, అది ఫిర్యాదుగా కాకుండా లెక్కగా మాట్లాడుకునే విషయం అవుతుంది.

సోషల్ మీడియా పోస్టుల విషయంలో గొడవ సాధారణంగా మార్పుల దగ్గర వస్తుంది. అక్కడ సవరణకూ కొత్త పనికీ తేడా ముందే రాసుకోవాలి. క్యాప్షన్‌లో మాట మార్చడం, ఫొటో తీసి ఇంకో ఫొటో పెట్టడం సవరణ. ఒకసారి సరేనన్నాక “ఈ ఇల్లు వద్దు, ఆ ఇంటి గురించి పెట్టు” అంటే అది కొత్త పోస్టు. ఆమె రాసుకున్నది ఇది: నెలకు 8 పోస్టులు, ఒక్కోదానికి రెండు సవరణలు, ఫొటోలు ముందు నెల 25వ తేదీకల్లా అందాలి. ఆ తేదీ చాలా ముఖ్యం. క్లయింట్ ఆలస్యం చేసిన వారం రోజులను వీఏ తన రాత్రులతో పూడ్చడం ఈ వృత్తిలో మామూలైపోయింది. ఫొటోలు ఆలస్యమైతే పోస్టులూ అన్ని రోజులే ఆలస్యమవుతాయని ఒక్క వాక్యం రాస్తే అది ఆగుతుంది.

కొన్ని ఎల్లలను చట్టమే గీస్తుంది. టెక్సస్‌లో ఇళ్ల అమ్మకం, కొనుగోలు బేరసారాలు ఇతరుల తరఫున డబ్బు తీసుకుని నడపాలంటే లైసెన్సు ఉండాలి. కాబట్టి వాట్సాప్‌లో ఇల్లు కొనేవారికి జవాబిచ్చే పని తీసుకున్నా, ఆమె ఆగాల్సిన చోటుంది. “మీ మెసేజ్ అందింది, ఈ మూడు వేళల్లో ఏది కుదురుతుంది?” అనడం ఆమె పని. “కొంచెం తగ్గిస్తారా?” అన్న ప్రశ్న నేరుగా ఏజెంట్ దగ్గరికే పోవాలి. ఇక్కడ ఎల్ల ఆమె సమయాన్నే కాదు, ఏజెంట్ లైసెన్సును కూడా కాపాడుతుంది. ఈ కోణంలో చెప్పినప్పుడు క్లయింట్లు త్వరగా ఒప్పుకుంటారు.

వేళ, దారి, గడువు

పని ఎల్లలు ఎంత బాగా రాసినా, వేళ రాయకపోతే అందుబాటు మళ్లీ ఉచితమైపోతుంది. వేళ రాసేటప్పుడు అమెరికా క్లయింట్లతో పనిచేసేవారు మరిచిపోయే విషయం ఒకటుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. వేసవిలో డాలస్ ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నర. చలికాలంలో అదే తొమ్మిది మనకు ఎనిమిదిన్నర. ఒప్పందంలో డాలస్ సమయమే రాస్తే నవంబర్‌లో వీఏ పని రాత్రిలోకి ఇంకో గంట జరుగుతుంది. అందుకే ఏ దేశపు సమయం స్థిరమో రాయాలి. ఆమె భారత కాలమానమే స్థిరమని రాసింది: సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి 7:30కి మొదలు. అప్పుడు డాలస్‌లో వేసవిలో తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. పండగల రోజులు ఏవో కూడా ముందే చెప్పింది.

తర్వాతది దారి. పని అడగడానికి ఒకటే దారి ఉండాలి. ట్రెల్లో కావచ్చు, షేర్ చేసిన గూగుల్ షీట్ కావచ్చు, ఒక ఈమెయిల్ చిరునామా కావచ్చు. వాట్సాప్‌లో వచ్చిన మాట పనిగా మారాలంటే ఆ జాబితాలోకి ఎక్కాలి. “అన్నయ్యా, షీట్‌లో ఒక లైను వేయండి, రేపటి పనిలో మొదటిది అదే చేస్తాను” అంటే కాదన్నట్టూ ఉండదు, రాత్రి లేవాల్సిన పనీ ఉండదు. రెండు వారాల్లో చాలామంది క్లయింట్లు అలవాటు పడతారు. వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టుకుని, ఆ వేళ దాటాక వచ్చినవారికి దానంతటదే వెళ్లే మెసేజ్ అమర్చుకోవచ్చు. తన వీలుకోసం వీఏ అర్ధరాత్రి పనిచేసినా, మెయిల్ అప్పుడే పంపకుండా జీమెయిల్‌లోని షెడ్యూల్ సెండ్‌తో పని వేళకు పెట్టాలి. అర్ధరాత్రి ఒక్కసారి జవాబు వెళితే, అర్ధరాత్రి జవాబు దొరుకుతుందని నేర్పినట్టే.

మూడోది గడువు. జవాబు గడువూ, పని పూర్తయ్యే గడువూ వేర్వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే ‘వెంటనే’ అన్న ఒత్తిడి పుడుతుంది. “అందింది” అని ఒక పనిదినంలోపు చెబుతాను, మామూలు పనులు రెండు పనిదినాల్లో పూర్తవుతాయి అని రాస్తే, క్లయింట్‌కు నిశ్చింత, వీఏకు ఊపిరి. అర్జెంట్ పనికి వేరే నిబంధన ఉండాలి. అర్జెంట్ అంటే అదే రోజు కావాల్సింది. దానికి ఒకటిన్నర రెట్ల రేటు. అదీ వీఏ ఒప్పుకుంటేనే. చివరి మాట లేకపోతే ఎక్కువ డబ్బిచ్చి రాత్రిని కొనుక్కోవచ్చని క్లయింట్ అనుకుంటాడు.

ఓటీపీలు మరో చిక్కు. టికెట్ బుక్ చేయాలన్నా, బ్యాంకు చెల్లింపు అయినా ఓటీపీ క్లయింట్ ఫోన్‌కే పోతుంది. ఆయన మీటింగ్‌లో ఉంటే ఆమె స్క్రీన్ ముందు కూర్చుని ఎదురుచూడాలి. ఇలాంటి పనులను వారానికి ఒక రోజు, ఇద్దరూ మెలకువగా ఉండే వేళలో అరగంట కేటాయించి ఒకేసారి ముగించడం మేలు.

ప్యాకేజీ కట్టడం

వీఏలు ధర చెప్పే పద్ధతులు ప్రధానంగా మూడు. గంటల లెక్క, నెలకు ఇన్ని గంటలని ముందే కొనుక్కునే రిటైనర్, పనికి ఇంతని చెప్పే పద్ధతి. గంటల లెక్కలో చేసిన ప్రతి నిమిషానికీ డబ్బు వస్తుంది, కానీ రేపు పని ఉంటుందో లేదో తెలియదు. పనికి ఇంతని చెబితే చేయి తిరిగినవారికి లాభం. ఎల్లలు సరిగ్గా రాయకపోతే నష్టమంతా వీఏదే. ఎక్కువమంది ఎంచుకునేది రిటైనర్. అందులో రెండు ముళ్లున్నాయి.

మొదటి ముల్లు మిగిలిన గంటలు. క్లయింట్ ఈ నెల 40లో 25 గంటలే వాడి, మిగతా 15 వచ్చే నెలకు కలపమంటాడు. న్యాయంగానే వినిపిస్తుంది. అలా మూడు నెలలు కలిపితే ఒక నెలలో 85 గంటల పని ఒక్కసారి వచ్చి పడుతుంది. అదీ ఆయన తొందరలో ఉన్న నెలలోనే. రిటైనర్‌లో వీఏ అమ్మింది ఆ నెలలో ఆయన కోసం పక్కన పెట్టిన సమయాన్ని. ఆ నెల పోతే ఆ సమయమూ పోయినట్టే. పూర్తిగా కుదరదంటే కటువుగా ఉంటుందనుకునేవారు, నాలుగో వంతు మాత్రం వచ్చే ఒక్క నెలకు వాడుకోవచ్చని రాస్తారు. రెండో ముల్లు గంటలు దాటడం. 40 అయిపోయాక చెబితే గొడవ. 32 అయినప్పుడు, అంటే ఐదింట నాలుగు వంతులకు, “ఇంకా 8 గంటలున్నాయి, ఈ ఐదు పనుల్లో ముందు ఏవి?” అని రాస్తే ఆ గొడవ రాదు. దాటిన గంటలు ఆయన ముందుగా సరేనంటేనే మొదలవుతాయి.

కాకినాడ ఆమె రెండు వారాల లెక్కతో పాటు క్లయింట్ ముందు మూడు దారులు పెట్టింది. మొదటిది, పాత రూ.18,000కే 40 గంటలు, రోజుకు రెండు గంటలు: ఈమెయిళ్లు, క్యాలెండర్, 8 పోస్టులు. ఇంటి పనులు, కొనేవారి వాట్సాప్ ఇందులో ఉండవు. రెండోది రూ.27,000కు 60 గంటలు, రోజుకు మూడు గంటలు: కొనేవారికి మొదటి జవాబు, నెలకు 8 గంటల వరకు ఇంటి పనులు కూడా. మూడోది, ఈ రెండింటిలో దేనికైనా కలుపుకోగలిగే స్టాండ్‌బై. పని వేళ ముగిశాక వారంలో ఐదు రోజులూ ఇంకో గంటన్నర ఫోన్ దగ్గర ఉంటుంది. నెలకు 30 గంటలు. పిలిచినా పిలవకపోయినా సగం రేటు, రూ.6,750. పిలిచి పని చెబితే ఆ పనిచేసిన సమయానికి పూర్తి రేటు.

ఆమె పంపిన మెసేజ్ ఇది: “అన్నయ్యా, మీ పని పెరిగింది, అది మంచి విషయం. గత రెండు వారాల లెక్క పంపుతున్నాను, ఒకసారి చూడండి. మనం అనుకున్న 40 గంటలు ఇప్పుడు 62 దాకా పోతున్నాయి. పని నాణ్యత తగ్గకుండా ఉండాలంటే ఒకదారి ఎంచుకోవాలి. మూడు దారులు కింద రాశాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమలు చేద్దాం. ఈ నెల ఇప్పటిలాగే చేస్తాను.” ఇందులో నిష్ఠూరం లేదు, క్షమాపణా లేదు. పాత 22 గంటల బాకీ అడగలేదు. ముందు చెప్పని లెక్కకు వెనక్కి వెళ్లి డబ్బు అడిగితే క్లయింట్ తనను మోసగించారనుకుంటాడు.

ఇలాంటప్పుడు క్లయింట్లు తరచూ చేసేది రెండో దారి ఎంచుకుని, స్టాండ్‌బై వద్దనడం. ధర కనిపించగానే, రాత్రి పదిన్నరకు అడిగినవి మర్నాటి దాకా ఆగగలవని వాళ్లకే తెలుస్తుంది. ఒకవేళ స్టాండ్‌బై కావాలన్నా మంచిదే. అప్పుడు ఆ గంటన్నరకు డబ్బు వస్తుంది.

కాగితం చేయగలిగింది, చేయలేనిది

పని వేళ దాటాక ఆఫీసు ఫోన్‌కు జవాబివ్వని హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి చట్టంలో చేర్చాయి. అవి ఉద్యోగుల కోసం. ఆ దేశాల్లోని క్లయింట్‌కు కాంట్రాక్టు మీద పనిచేసే భారతీయ వీఏకు ఆ రక్షణ రాదు. ఆమెకు ఉన్నది ఒప్పందమే. మెయిళ్లలో ఒప్పుకున్న షరతులు కూడా మన చట్టం కింద ఒప్పందం కాగలవు. కానీ పదిహేను వేల రూపాయల కోసం టెక్సస్‌లోని మనిషి మీద కాకినాడలో కేసు వేసి గెలుచుకోవడం ఆచరణలో అయ్యే పని కాదు. అందుకే వీఏలకు అసలైన రక్షణ నెల మొదట్లోనే డబ్బు తీసుకోవడం. ఒకటో తేదీకి చెల్లింపు రాకపోతే పని మొదలవదన్న వాక్యం ఏ కోర్టు కన్నా వేగంగా పనిచేస్తుంది.

అప్‌వర్క్ లాంటి ప్లాట్‌ఫామ్‌ల మీద ఈ రక్షణ కొంత ముందే ఉంటుంది. గంటల కాంట్రాక్టులో వారానికి ఎన్ని గంటలు దాటకూడదో క్లయింట్ ముందే పెడతాడు. ట్రాకర్ ప్రతి పది నిమిషాల భాగంలో ఒకసారి స్క్రీన్ ఫొటో తీసి పనిని నమోదు చేస్తుంది. ఆ చెల్లింపు భరోసా ట్రాకర్‌తో నమోదైన సమయానికే, చేత్తో రాసిన గంటలకు కాదు. కాబట్టి ట్రాకర్ ఆపేశాక ఫోన్‌లో ఇచ్చిన జవాబులకు భరోసా లేదు. స్థిర ధర కాంట్రాక్టులోనైతే ప్రతి దశకూ డబ్బు ముందే ప్లాట్‌ఫామ్ దగ్గర జమ అయిందో లేదో చూసుకుని మొదలుపెట్టాలి.

ఇంత పద్ధతిగా ఉంటే పని దొరకదేమోనన్న భయం కొత్తవారికి సహజం. అందులో కొంత నిజముంది. ఒకే ఒక్క క్లయింట్ మీద ఆధారపడినవారికి బేరమాడే బలం తక్కువ. అలాంటివారు మొదటి రోజే అన్నీ అడగక్కర్లేదు. వేళ, అడిగే దారి, గంటలు దాటితే ముందుగా చెప్పడం, ఈ మూడింటితో మొదలుపెట్టవచ్చు. సాయంగా చేసిన పనిని కూడా దాచకూడదు. నెల బిల్లులో “ఉగాది ఆహ్వానపత్రం, 25 నిమిషాలు, రూ.0” అని ఒక వరుస రాయాలి. అప్పుడు క్లయింట్‌కు ఆ సాయం సాయంగానే కనిపిస్తుంది, వచ్చే నెల హక్కుగా మారదు. అడిగిన ప్రతిదానికీ కాదనాల్సిన అవసరమూ లేదు. “తప్పకుండా చేస్తాను. దీనికి బదులు ఈ వారం ఏది ఆపాలి?” అన్న ప్రశ్న చాలాసార్లు సరిపోతుంది. ఏది ముఖ్యమో తేల్చుకోవాల్సినది అప్పుడు క్లయింటే.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా, లెక్క చూపినా, దారులు చెప్పినా, “మనవాళ్లమనుకున్నాను, ఇంత లెక్కా?” అని నొచ్చుకునే క్లయింట్లు ఉంటారు. అలాంటివారితో నెలరోజుల నోటీసు ఇచ్చి, పాస్‌వర్డులు, ఫైళ్లు, చేతిలో ఉన్న పనుల జాబితా పద్ధతిగా అప్పగించి తప్పుకోవడమే సరైనది. రూ.290కి రాత్రీపగలూ పనిచేయించుకునే ఒక క్లయింట్, రూ.450 ఇచ్చే ఇద్దరికి చోటు లేకుండా చేస్తాడు.

మీ ఇంట్లో ఈ పని చేసే చెల్లెలో, కూతురో, భార్యో ఉంటే ఒక మాట అడగండి: పని ఎంతసేపు చేస్తున్నావని కాదు, ఎంతసేపు ఫోన్ వదల్లేకపోతున్నావని. మీరే వీఏ అయితే, తర్వాతి ఒప్పందంలోంచి “ఇతర చిన్న చిన్న పనులు” అన్న మాట కొట్టేయండి. దాని చోట మూడు వాక్యాలు రాయండి: ఏ వేళ, ఏ దారి, గంటలు దాటితే ఎంత. మీరే క్లయింట్ అయితే, మీ వీఏ ఆ మూడూ అడగకముందే రాసివ్వండి. రాత్రి కూడా ఆమె అందుబాటులో ఉండాలనుకుంటే, దానికి డబ్బు చెల్లించండి.